మూడు గంటల మీటింగ్‌లో మూడున్నర గంటల హాజరు

ఒడిశా-ఆంధ్రా సరిహద్దున ఉన్న పర్లాకిమిడిలో మా సంస్థ మహిళా సంఘాల బుక్‌కీపర్లకు శిక్షణ ఇస్తుంది. కాశీనగర్ వైపు నుంచి, గుణుపురం నుంచి, గుమ్మ కొండల మీది ఊళ్ల నుంచి ఫోన్లలోనే క్లాసుకి వస్తారు. క్లాసు పది నుంచి ఒంటిగంట దాకా. అందులో ముప్పావు వంతు, అంటే 135 నిమిషాలు ఉన్నవాళ్లకే ఆ రోజు భత్యం. ఆ హాజరు లెక్క తీసే పని నా మీద పడింది.

మీటింగ్ యాప్ ఇచ్చే ఫైల్లో ఒక్కో వరుసలో పేరు, చేరిన టైము, వెళ్లిన టైము, ఎన్ని నిమిషాలు ఉన్నారో ఉంటాయి. నాకంటే ముందు ఈ పని చూసినాయన ఆ చివరి నిమిషాలనే మనిషివారీగా కూడి ఇచ్చేవారు. అకౌంట్స్ మేడమ్ ఒకరోజు ఆ షీటు నా ముందు పెట్టి, “ఏవండీ, మూడు గంటల క్లాసులో ఈవిడ మూడున్నర గంటలు ఎలా కూర్చుంది?” అన్నారు. కూడికలో తప్పేమీ లేదు. అసలు కూడకూడనివి కూడారు.

మా వైపు నెట్ సంగతి తెలిసిందే. వాన పడితే సిగ్నల్ పోతుంది, సరిహద్దు ఊళ్లలో ఫోను కాసేపు ఇటు టవర్, కాసేపు అటు టవర్ పట్టుకుంటుంది. నెట్ హఠాత్తుగా తెగితే మనిషి వెళ్లిపోయినట్టు అవతలి సర్వర్‌కి వెంటనే తెలియదు. కాసేపు ఎదురుచూసి, జవాబు రాకపోతే అప్పుడు ‘వెళ్లారు’ అని రాసుకుంటుంది. ఈలోపు ఆవిడ మళ్లీ చేరిపోతే కొత్త వరుస మొదలవుతుంది. పాత వరుస ఇంకా మూసుకోలేదు. కొందరైతే ఫోను మాట సరిగ్గా వినబడట్లేదని పక్కింటి లాప్‌టాప్‌లోనూ చేరతారు, ఫోను మాత్రం ఆపరు. రెండు చోట్లా ఒకే మనిషి, ఒకే సమయం రెండుసార్లు లెక్కలోకి వస్తుంది.

మేడమ్ చూపించిన ఆవిడ వరుసలు ఇవి:

```
09:48:10   10:41:30
10:39:05   11:20:00
11:26:30   12:10:00
11:50:00   12:58:00
```

ఊరికే కూడితే 3 గంటల 25 నిమిషాల 45 సెకన్లు. ఇప్పుడు గడియారం పక్కన పెట్టుకుని చూడండి. క్లాసు పదికి మొదలైంది కాబట్టి, అంతకు ముందు ఊరికే కూర్చున్న దాదాపు పన్నెండు నిమిషాలు తీసేయాలి. రెండో వరుస మొదటిది ముగియకముందే మొదలైంది. కాబట్టి పది నుంచి 11:20 దాకా ఒకటే ముక్క, 80 నిమిషాలు. తర్వాత ఆరున్నర నిమిషాలు నిజంగానే లేదు. ఆపైన 11:26:30 నుంచి 12:58 దాకా ఇంకో ముక్క, 91 నిమిషాల 30 సెకన్లు. మొత్తం 171 నిమిషాల 30 సెకన్లు. భత్యం ఎలాగూ వస్తుంది, ఆవిడకి పోయేదేమీ లేదు. కానీ 90 నిమిషాలే ఉండి, రెండు ఫోన్ల పుణ్యమా అని 140 చూపించేవాళ్లు కూడా అదే షీట్లో ఉంటారు. తేడా అక్కడ వస్తుంది.

ఎక్సెల్లో ఇది చేయడానికి ముందు వరుసలన్నీ పేరు ప్రకారం, ఆ పేరులో చేరిన టైము ప్రకారం సార్ట్ చేయాలి. ఇది చేయకపోతే కింద చెప్పేదేదీ పనిచేయదు. A లో పేరు, B లో చేరిన టైము, C లో వెళ్లిన టైము. H1 లో క్లాసు మొదలు, H2 లో ముగింపు, రెండూ తేదీతో సహా. రెండో వరుసలో ఇవి రాసి కిందికి లాగితే సరి:

```
D2: =MAX(B2,$H$1)
E2: =MIN(C2,$H$2)
F2: =IF(A2=A1,MAX(F1,E2),E2)
G2: =MAX(0,E2-IF(A2=A1,MAX(D2,F1),D2))
```

D, E క్లాసు బయటి సమయాన్ని కత్తిరిస్తాయి. F లో ఆ మనిషికి ఇప్పటిదాకా లెక్కలోకి వచ్చిన ఆఖరి క్షణం ఉంటుంది. G లో ఆ క్షణం దాటాక కొత్తగా కలిసిన సమయం మాత్రమే పడుతుంది. దీన్ని మనిషివారీగా SUMIF తో కూడి 1440 తో గుణిస్తే నిమిషాలు వస్తాయి. ఎక్సెల్‌కి రోజంటే 1 కాబట్టి ఆ గుణకారం.

F ఎందుకు, పై వరుసలో వెళ్లిన టైముతో పోల్చుకుంటే చాలదా అని మా ఆఫీసు కుర్రాడు అడిగాడు. చాలదు. లాప్‌టాప్ పది నుంచి పన్నెండున్నర దాకా ఆగకుండా ఉందనుకోండి. మధ్యలో ఫోను 10:20కి చేరి 10:25కి పోయింది, మళ్లీ 10:40కి చేరి 11:00కి పోయింది. మూడో వరుసని పై వరుస 10:25తో పోల్చితే ఆ ఇరవై నిమిషాలు కొత్తవనిపిస్తాయి. నిజానికి లాప్‌టాప్ ఎప్పుడో వాటిని కప్పేసింది. అందుకే ఇప్పటిదాకా వచ్చినవాటిలో అన్నిటికన్నా పెద్దది గుర్తుంచుకోవాలి.

ఫైలు తెరవగానే తేదీలు ఒకసారి చూడాలి. యాప్ నెల ముందు, తేదీ తర్వాత రాసి ఇస్తే, మన కంప్యూటర్ తేదీ ముందనుకుంటుంది. జూలై 8 కాస్తా ఆగస్టు 7 అయిపోతుంది. 12 దాటిన తేదీలైతే అసలు తేదీగానే మారవు, గడిలో ఎడమవైపు అతుక్కుని ఉత్త అక్షరాలుగా మిగిలిపోతాయి. తేదీగా మారినది కుడివైపుకి జరిగి ఉంటుంది. ఏది మారలేదో చూడగానే తెలిసిపోతుంది.

ఫార్ములా ఒక పూటలో కుదిరింది. టెన్షన్ పెట్టినవి పేర్లు. ఒకే మనిషి ఒకసారి ఒడియా అక్షరాల్లో, ఒకసారి తెలుగులో, ఇంకోసారి ఫోను మోడల్ పేరుతో చేరుతుంది. ముగ్గురుగా కనిపిస్తే ఎవరికీ 135 నిమిషాలు రావు. దీనికి విడిగా ఒక షీటు పెట్టాను. ఒక పక్క ఫైల్లో కనిపించే పేరు, ఎదురుగా రిజిస్టర్ నంబరు. A లో పేరు బదులు ఆ నంబరు తెచ్చుకుంటాను. కొత్త పేరేదైనా కనబడితే ఫోన్ చేసి అడుగుతాను.

దీనికి తిరగేసిన కష్టం ఒకటుంది, అది ఎక్కువ ప్రమాదం. ఇద్దరు లక్ష్ములు ఒకే పేరుతో చేరితే, పై ఫార్ములా వాళ్లని ఒక్కరిగా చూసి ఇద్దరి సమయాన్నీ కలిపేస్తుంది. మొత్తం మూడు గంటలు దాటదు కాబట్టి షీటు చూస్తే అనుమానమే రాదు. ఒకామె భత్యం కిక్కురుమనకుండా పోతుంది. అందుకే ఇప్పుడు చేరేటప్పుడే పేరు పక్కన ఫోన్ నంబరు చివరి నాలుగంకెలు పెట్టమంటున్నాం. పెట్టనివాళ్ల పేరు క్లాసు మొదట్లోనే హోస్ట్ మార్చేస్తారు.

నెట్ తెగినప్పుడు సర్వర్ ఎదురుచూసిన ఆ కాసేపు మాత్రం మనిషి ఖాతాలోనే పడుతుంది, లాగ్ చూసి దాన్ని విడదీయలేం. అందుకని 135కి అటూ ఇటూ ఐదు నిమిషాల్లో ఉన్నవాళ్ల పేర్లు నేను తేల్చను, పసుపు రంగు వేసి మేడమ్‌కి పంపుతాను. ఇంకో సంగతి, గుమ్మ వైపు ఒక ఇంట్లో అత్తాకోడళ్లిద్దరూ ఒకే ఫోను ముందు కూర్చుని నేర్చుకుంటారు. లాగ్‌లో ఒక్క వరుసే. “ఆ ఫోన్లో ఇద్దరమూ ఉన్నాం బాబూ, రాసుకో” అంది అత్తగారు. ఆ ఫోను వరుసల్ని కాపీ చేసి, రెండోసారి కోడలి నంబరు కింద పెడుతున్నాను, పక్కన ‘ఒకే ఫోను’ అని రాసి.