ఫౌండర్ పోస్టులు రెండో నెలకే ఎందుకు ఆగిపోతాయి

చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీ ఫౌండర్ సోషల్ మీడియాలో రోజుకో పోస్టు అని మొదలుపెడితే రెండో నెలకల్లా సరుకు అయిపోతుంది. ఆ తర్వాత వచ్చేవన్నీ సూక్తులే. అసలు సరుకు సపోర్ట్ కాల్స్‌లో ఉంటుంది. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ అమ్మేవాళ్లకి 14వ తేదీన జీఎస్టీ పోర్టల్‌లో 2బీ, అంటే సప్లయర్లు చూపిన బిల్లుల జాబితా, వచ్చాక ఒకటే ప్రశ్న: "బిల్లు మా దగ్గరుంది, 2బీలో లేదేంటండీ?" నెలనెలా ఫైల్ చేసే సప్లయర్ 11వ తేదీ దాటాక జీఎస్టీఆర్-1 అనే అమ్మకాల రిటర్ను వేస్తే ఆ బిల్లు తర్వాతి నెల 2బీలోకి పోతుంది. ఇదొక్కటే ఒక పోస్టు.

పదిహేను రోజులకొకటి చాలు. ఫౌండర్ 20 నిమిషాలు నోటితో చెప్పి రికార్డు చేస్తే ఇంకొకరు రాస్తారు. చివర్లో తేదీలు మాత్రం ఫౌండరే చూడాలి, బయటివాళ్ల చేతిలో ముందు ఎగిరిపోయేవి ఆ 11, 14లే. లైకులన్నీ తోటి ఫౌండర్లవై, ఒక్క అకౌంటెంటూ ప్రశ్న అడగట్లేదంటే దారి తప్పినట్టే.