చెన్నై నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకు 125 డిగ్రీలు

చెన్నైలో పెరిగే తెలుగు పిల్లలకు ఇది బడిలో ఎర్త్‌క్వేక్, వీధిలో నిలనడుక్కం, ఇంట్లో భూకంపం. మూడు మాటలూ నోటికి వస్తాయి కానీ, పాఠంలో ఉల్లిపాయలా కోసి చూపించిన భూమి బొమ్మ దగ్గరకొచ్చేసరికి ఒక్కటే ప్రశ్న: "లోపలికి ఎవరూ వెళ్ళలేదు కదా, ఎలా తెలిసింది నాన్నా?" న్యాయమైన ప్రశ్న. మనిషి తవ్విన అన్నిటికంటే లోతైన బోరు రష్యాలోని కోలాలో ఉంది. అది 12 కిలోమీటర్ల పైచిలుకు మాత్రమే. భూకేంద్రం 6,371 కిలోమీటర్ల లోతున ఉంది. అక్కడి కబురు మనకు మోసుకొచ్చేవి భూకంప తరంగాలే.

మన ఇళ్ళలో చాలామందికి కాలిఫోర్నియాలో పెద్దనాన్న పిల్లలో, మేనత్త పిల్లలో ఉంటారు. కాబట్టి అక్కడ వచ్చే భూకంపాన్నే లెక్కకు తీసుకుందాం. ముందు గోళం మీద దారం పెట్టి శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి చెన్నైకి లాగండి. గోడమీది పటంలో గీత గీస్తే తప్పు దారి వస్తుంది. బిగించిన దారమైతే సైబీరియా, చైనాల మీదుగా వస్తుంది. ఆ దారాన్ని భూమధ్యరేఖ మీద పరిచి కొలిస్తే సుమారు 125 డిగ్రీలు.

ఇప్పుడు కాగితం మీద 6.4 సెంటీమీటర్ల వ్యాసార్థంతో వృత్తం గీయండి. ఒక మిల్లీమీటరంటే 100 కిలోమీటర్లు. లోపల 3.5 సెంటీమీటర్లతో ఇంకో వృత్తం, అది భూకేంద్రమండలం. ఈ రెంటికీ మధ్య ఉన్నది భూప్రావారం. భూపటలానికి విడిగా గీత అక్కర్లేదు. ఖండాల కింద సుమారు 35 కిలోమీటర్లంటే పెన్సిల్ గీత మందమే. పై వృత్తం మీద 0 డిగ్రీల దగ్గర శాన్‌ఫ్రాన్సిస్కో, 125 దగ్గర చెన్నై గుర్తు పెట్టి కలపండి. గీత లోపలి వృత్తాన్ని కోస్తుంది.

భూకంపం నుంచి ముందుగా వచ్చేది పి తరంగం. అది రాతిని ముందుకూ వెనక్కూ నొక్కుతూ పోతుంది. తర్వాతది ఎస్, అడ్డంగా ఊపుతూ పోతుంది. దీనికి పళ్ళెంలో జున్ను ముక్క మంచి ఉదాహరణ. పైభాగాన్ని వేలితో పక్కకు నెట్టి వదిలితే వణికి మళ్ళీ తన స్థానానికి వస్తుంది. గిన్నెలో నీళ్ళను అలాగే నెట్టండి, జరిగిపోతాయి కానీ తిరిగి రావు. ఆ తిరిగి వచ్చే గుణం లేనిచోట ఎస్ తరంగం నడవదు. సుమారు 104 డిగ్రీలు దాటాక నేరుగా వచ్చే ఎస్ తరంగం కనిపించకపోవడం వల్లే బాహ్య కేంద్రమండలం ద్రవమన్న ఆలోచన బలపడింది.

పిల్లలు చురుకైనవాళ్ళయితే ఇక్కడే ఒక తేడా పట్టుకుంటారు. 104 డిగ్రీలకు సరళరేఖ గీస్తే అది లోపలి వృత్తాన్ని తాకదు, 4 మిల్లీమీటర్ల దూరంలోనే పోతుంది. స్కేలుతో గీస్తే 114 దగ్గర గాని తాకదు. బొమ్మ తప్పు కాదు, స్కేలు తప్పు. లోతుకు పోయేకొద్దీ రాయి బిగుసుకుని పి వేగం సెకనుకు 6 కిలోమీటర్ల నుంచి 13 దాటుతుంది. అందుకే దారి నేరుగా ఉండక, రెండు మేకులకు వదులుగా కట్టిన తాడులా కిందికి వంగి, 2,890 కిలోమీటర్ల లోతున కేంద్రమండలాన్ని ఒరుసుకుంటుంది. ఆ సరిహద్దు దాటగానే పి వేగం ఒక్కసారిగా సుమారు 8కి పడిపోతుంది, తరంగం లోపలికి విరిగి చాలా దూరంగా తేలుతుంది. అందుకే 104 నుంచి 140 దాటేవరకు నేరుగా వచ్చే పి అందని నీడ ప్రాంతం. మన చెన్నై సరిగ్గా అందులోనే ఉంది.

నీడంటే పూర్తి నిశ్శబ్దమని చెప్పకండి, పుస్తకాలు చేసే పొరపాటు అదే. కాలిఫోర్నియాలో పెద్ద భూకంపం వస్తే చెన్నైలోని సున్నితమైన పరికరం మీద సుమారు పదిహేనున్నర నిమిషాలకు కేంద్రమండలం అంచు వెంట వంగి వచ్చిన బలహీనమైన పి పడవచ్చు. దాదాపు 21 నిమిషాలకు మధ్యలో ఒకసారి నేలను తాకి తిరిగి దిగిన పి వస్తుంది. కేంద్రమండలంలో పిగా మారి, బయటపడ్డాక మళ్ళీ ఎస్ అయిన తరంగాలూ ఉంటాయి. "ఎస్ అసలు రాదు" అని నేర్చుకున్న పిల్లలు వీటిని చూస్తే తికమక పడతారు. నేరుగా వచ్చేది రాదు అని చెబితే చాలు.

ఆ రెండు పి తరంగాల మధ్య, సుమారు 19 నిమిషాల దగ్గర, ఇంకో చిన్న కదలిక ఉంటుంది. ద్రవం తప్ప లోపల ఏమీ లేకపోతే అది రాకూడదు. 1929లో న్యూజిలాండ్ భూకంపం నమోదుల్లో ఇలాంటి రాకూడని తరంగాలనే డెన్మార్క్ శాస్త్రవేత్త ఇంగే లేమన్ పట్టుకున్నారు. లోపల వేగం పెరిగే ఇంకో గోళం ఉంటేనే ఇవి ఇక్కడ తేలగలవని 1936లో చూపించారు. అది ఘనమని గట్టిగా తేలింది మాత్రం 1971లో, మహా భూకంపాల తర్వాత భూమి మొత్తం గంటలా మోగే తీరును కొలిచాక. ఇప్పుడు కాగితం మీద 1.2 సెంటీమీటర్ల మూడో వృత్తం గీయించండి, చెన్నైకి 19 నిమిషాలకు చేరే ఆ తరంగం దాని లోపలి నుంచే వస్తుంది.