నల్గొండ నుంచి డల్లాస్‌కు మామిడికాయ తొక్కు, సకినాలు: నా అనుభవం

సంక్రాంతికి బిడ్డకు పంపే పార్సిల్‌లో నేను పెట్టేది ఎండాకాలంలో జాడీకెత్తిన తొక్కు. కొత్తది పంపొద్దని గట్టిగా చెప్తాను. మామిడి ముక్కలు, అల్లంవెల్లుల్లి ముద్ద మొదట్లో నీరు వదులుతాయి, ఊరేటప్పుడు కొంత గ్యాస్ కూడా పుడుతుంది. మూసిన ప్యాకెట్‌లో ఆ గ్యాస్‌కు దారి దొరకక అతుకు మీద ఒత్తిడి పడుతుంది. జనవరికి తొక్కు బాగా ఊరి, ముక్క మెత్తబడి, నిమ్మళంగా ఉంటుంది.

రెండో సంగతి నూనె. జాడీలో తొక్కు చెడకుండా కాపాడే పైనూనే దారిలో కారేది. అందుకే తీసేటప్పుడు ముక్కలను జాడీ అంచుకు ఒత్తి, తేలిన నూనెను వీలైనంత వంచేస్తాను. ముద్దకు పట్టిన నూనె చాలు. అక్కడికి చేరాక బిడ్డ పల్లినూనె కాచి, పూర్తిగా చల్లార్చి పైన పోసుకుంటుంది.

సీసాలు నేను వాడను. పగిలే భయం ఒకటైతే, మూత మర గుండా నూనె మెల్లగా పాకడం ఇంకొకటి. మందపాటి ప్లాస్టిక్ పౌచ్‌లు తెచ్చి, ఒక్కోదాంట్లో అరకిలో నింపుతాను. అసలు పని ఇక్కడే ఉంది. పౌచ్ మూతి లోపలి అంచుకు నూనె చుక్క అంటినా వేడి సీల్ సరిగా అతకదు. చూడ్డానికి అతికినట్టే ఉంటుంది, బరువు పడగానే విడిపోతుంది. కాబట్టి నింపే ముందే మూతిని చొక్కా చేయి మడిచినట్టు బయటికి మడుస్తాను. ముప్పావు వరకే నింపి, మడత విప్పి, అంచును పొడిబట్టతో తుడుస్తాను. గాలి ఒత్తి తీసేసి సీలింగ్ మెషిన్‌తో పక్కపక్కనే రెండు గీతలు వేస్తాను. తర్వాత పాత పేపర్ చుట్టి, మూతి కిందికి వచ్చేలా రెండో పౌచ్‌లో పెట్టి దాన్నీ సీల్ చేస్తాను. రాత్రంతా తెల్ల కాగితం మీద బోర్లించి, పైన పప్పు డబ్బా బరువు పెడతాను. తెల్లారి లోపలి పేపర్ మీద గానీ కింది కాగితం మీద గానీ నూనె మరక కనిపిస్తే ఆ ప్యాకెట్ విప్పి మళ్లీ కడతాను.

సకినాలకు కారే బాధ లేదు, మెత్తబడే బాధ ఉంది. వేడి తగ్గకముందే డబ్బాలో పెడితే లోపల చెమ్మ పట్టి, కరకర పోయి నూనె కంపు కొడతాయి. ఆరాక గట్టి ప్లాస్టిక్ డబ్బాలో ఒకదాని మీద ఒకటి పేర్చి, ఖాళీల్లో కాగితం ఉండలు కుక్కుతాను. నువ్వుల లడ్డూలు బెల్లంపాకంతో గట్టిగా చేసినవైతే బాగానే చేరతాయి. పాలకోవా లాంటివి దారిలోనే చెడతాయి, వద్దు.

అట్టపెట్టెను ఇంట్లోనే టేప్ వేసి మూయొద్దు. కొరియర్ కౌంటర్ దగ్గర విప్పి చూస్తారు. మొన్న నేను ఒడిబియ్యం కోసం కుడుకలు కూడా పెట్టాను. అక్కడి అబ్బాయి వాటిని బయటికి తీసి, “మేడం, ఎండుకొబ్బరి ఫ్లైట్‌లో ఎక్కించరు, నూనె ఎక్కువ, తనకు తానే వేడెక్కి అంటుకోగలదు” అన్నాడు. విమాన సరుకు నియమాల్లో కొబ్బరి కుడుకలు ప్రమాదకర వస్తువుల జాబితాలో ఉన్నాయి. పచ్చి కరివేపాకును నిమ్మజాతి చెట్ల తెగులు భయంతో అమెరికాలో రానివ్వరు. చికెన్, మటన్ పచ్చళ్లు ఇంట్లో చేసినవి పంపితే కస్టమ్స్‌లో ఆగిపోతాయి, ఆ ఆశ పెట్టుకోవద్దు.

కాగితాల పని పెద్దది కాదు. ఆధార్ కాపీ ఇచ్చి, ప్రతి వస్తువు పేరు, బరువు, విలువ రాయాలి. ‘ఫుడ్ ఐటమ్స్’ అని ఒక్క ముక్కలో రాయొద్దు. ‘హోమ్‌మేడ్ మ్యాంగో పికిల్, గిఫ్ట్’ అని విడమరిచి రాయాలి. అమెరికాకు వచ్చే ఆహారం గురించి అక్కడి ఎఫ్‌డీఏకు ముందే తెలియజేయాలని నియమం ఉంది. కానీ ఒక మనిషి తన ఇంట్లో స్వయంగా చేసి, వ్యాపారం కోసం కాకుండా ఇంకో మనిషికి కానుకగా పంపేదానికి అందులో మినహాయింపు ఉంది. స్వీట్ షాపులో కొని పంపితే ఆ మినహాయింపు దొరకదు. అందుకే కొన్నవి, చేసినవి నేను కలపను.

ఇక చార్జీ. మా పెట్టె కాంటా మీద ఐదున్నర కిలోలే. కొలతలు మాత్రం 40, 30, 30 సెంటీమీటర్లు. పెట్టె పట్టే చోటును కూడా కొరియర్ వాళ్లు బరువుగా లెక్కేస్తారు. మూడూ గుణించి 5000తో భాగిస్తే 7.2 కిలోలు. రెండింట్లో ఏది ఎక్కువైతే దానికే డబ్బు తీసుకుంటారు. సకినాలు బరువు తక్కువ, చోటు ఎక్కువ కావడమే దీనికి కారణం. తొక్కు ప్యాకెట్లు అడుగున పరిచి, పైన సకినాల డబ్బా పెట్టి, సరిగ్గా పట్టే పెట్టె వెతుక్కుంటే కొంత మిగులుతుంది.

చేరగానే ఏం చూడాలో బిడ్డకు ముందే చెప్పి ఉంచాను. బయటి పౌచ్ పొడిగా ఉందా, ప్యాకెట్ ఉబ్బిందా అని చూడాలి. గాలి నింపినట్టు బిగుసుకుని ఉంటే ఎంత ప్రేమగా పెట్టిందైనా రుచి చూడకుండా పారేయమన్నాను. బాగున్నదాన్ని తడిలేని గాజు సీసాలోకి మార్చి, చల్లారిన నూనె ముక్కలు మునిగేదాకా పోయాలి.