ఖర్చు పట్టించిన దొంగ: ఆరో వారం నోట్స్

ఇతర భాషల్లో మనకు లేని హల్లులను రికార్డు చేసి గుర్తించడం నేర్చుకుంటున్నాను. గత నెలలో చేసిన రికార్డింగులన్నీ ఈ వారం పక్కన పడేశాను. నలభై ఫైళ్లు, మూడు ఆదివారాల పని.

మా పై వాటాలో ఉండే కుర్రాడిది ఇథియోపియా. ఆంధ్రా యూనివర్సిటీలో పీజీ చేస్తున్నాడు, మాతృభాష అమ్హారిక్. అతను "కెన్" అంటే రోజు, "కెసెల్" అంటే బొగ్గు. మన చెవికి రెండూ క తోనే మొదలవుతాయి. అతనికి అవి రెండు వేర్వేరు అక్షరాలు. "కెన్"లోది ఎజెక్టివ్, అంటే ఊపిరితిత్తుల గాలితో పని లేకుండా పలికే హల్లు.

నిండు బిందె ఎత్తేటప్పుడు ఊపిరి బిగబడతాం కదా, గొంతులో స్వరతంత్రులు అలాగే మూసుకుంటాయి. నోట్లో క స్థానం కూడా మూసే ఉంటుంది. ఇప్పుడు కంఠమణి పైకి లేస్తే, మధ్యలో చిక్కిన కాస్త గాలి సైకిల్ పంపులో గాలిలా నొక్కుకుపోతుంది. నాలుక వదలగానే అది టక్కున పేలుతుంది. స్వరతంత్రులు ఇంకా మూసే ఉంటాయి కాబట్టి పేలుడు తర్వాత ఊపిరి బయటికి రాదు. అవి విడేదాకా నిశ్శబ్దమే. మామూలు "కెసెల్"లో అయితే పేలుడు వెనకే కాస్త హ లాంటి ఊపిరి వస్తుంది.

అంటే వెతకాల్సింది పేలుడుకీ అచ్చుకీ మధ్య ఏముందని. ప్రాట్ అనే శబ్ద విశ్లేషణ సాఫ్ట్‌వేర్‌లో కొలిస్తే "కెన్"లో 62 మిల్లీసెకన్లు, "కెసెల్"లో 55. నిడివితో తేలదని ముందే అనుకున్నాను. కానీ రెండు చోట్లా స్పెక్ట్రోగ్రామ్, అంటే శబ్దాన్ని చూపే బొమ్మ, తెల్లగా, ఖాళీగా ఉంది! ఆ కుర్రాడు రెండూ ఎజెక్టివ్‌గానే పలుకుతున్నాడేమోనని రెండు రోజులు తప్పుడు దారిలో తిరిగాను.

చివరికి నా గొంతే రికార్డు చేసుకున్నాను. అరచేయి నోటి ముందు పెట్టుకుని, ఊపిరి తగిలేలా ఒత్తి "ఖర్చు" అన్నాను. చేతికి గాలి బాగా తగిలింది, తెరమీద మాత్రం ఖాళీ. దొంగ దొరికాడు. ఫోన్ యాప్‌లోని నాయిస్ తగ్గించే సౌకర్యం ఫ్యాన్ చప్పుడుతో పాటు ఊపిరినీ మింగేస్తోంది.

ఇప్పుడు ఆ ఆప్షన్ ఆపేసి, 44.1 కిలోహెర్ట్జ్ మోనో వేవ్ ఫైలు తీస్తున్నాను. బదులుగా ఫ్యాన్ కట్టేసి కిటికీలు మూయాలి. విశాఖ ఉక్కలో పావుగంటకే ఇద్దరికీ చొక్కాలు తడిసిపోతున్నాయి. మైకు నోటికి ఎదురుగా కాకుండా పక్కన, జానెడు దూరంలో పెడుతున్నాను. ఎదురుగా ఉంటే ఊపిరి తగిలి వచ్చే దబ్ శబ్దం బలమైన పేలుడులా కనిపిస్తుంది.

కొత్త ఫైళ్లలో తేడా చూడగానే తెలుస్తోంది. "కెసెల్"లో పేలుడు నుంచి అచ్చు దాకా బూడిద రంగు మసక ఉంది. "కెన్"లో నల్లటి గీత, ఖాళీ, ఆ తర్వాత అచ్చు. అచ్చు మొదట్లో స్వరతంత్రుల స్పందనలు రెండు మూడు ఎడంఎడంగా, గొంతు కీచుమన్నట్టు ఉన్నాయి. అన్నిసార్లూ ఇంత బాగా రాదు. అతను గబగబా మాట్లాడినప్పుడు ఖాళీ 30 మిల్లీసెకన్లకి పడిపోయింది, ఊపిరి లేని మన తెలుగు క కి చాలా దగ్గరగా. అలాంటి చోట ఆ ఎడం స్పందనలు కూడా లేకపోతే ప్రశ్నార్థకం పెట్టి వదిలేస్తున్నాను. లేబుల్ `k_>` అని, అనుమానమైతే `k_>?` అని.

అదే జోరులో ఇంప్లోసివ్ కూడా మొదలుపెట్టాను. మా వీధి చివర బట్టల కొట్టు ఆంటీ వాళ్లు సింధీలు. వాళ్ల భాషలో "బారు" ఒక బ తో అంటే బరువు, ఇంకో బ తో అంటే పిల్లాడు. పిల్లాడి బ ఇంప్లోసివ్. పెదవులు మూసి, స్వరతంత్రులు మోగుతుండగానే కంఠమణి కిందికి దిగుతుంది. మామూలు బ లో నోట్లో గాలి నిండేకొద్దీ మోత సన్నగిల్లుతుంది. ఇక్కడ గది పెద్దదవుతూ ఉంటుంది కాబట్టి పీడనం పెరగదు, మోత నిలబడుతుంది, తరచూ విడుదల దాకా పెరుగుతూ పోతుంది. తరంగ రూపాన్ని పదో వంతు సెకను వెడల్పుకి జూమ్ చేస్తే ఒకటి తోక సన్నబడుతూ, ఇంకొకటి ఉబ్బుతూ కనిపించాయి. విడుదల పేలుడు మాత్రం రెండో దానిలో బలహీనం. దీన్ని `b_<` అని రాస్తున్నాను.

ఇక్కడా యాప్‌తో జాగ్రత్త. లో కట్ ఫిల్టర్ ఉంటే ఈ అడుగు మోతే పోతుంది. దానంతట అదే శబ్దం పెంచే ఆప్షన్ ఉంటే సన్నబడే బ కూడా ఉబ్బినట్టు కనిపించొచ్చు. రెండూ ఆపేశాకే కొట్టుకి వెళ్లాను.

పదం ఒంటరిగా కాకుండా "హీఉ బారు ఆహే" అని చెప్పించాను, అంటే ఇది పిల్లాడు. రెండు అచ్చుల మధ్య పడితే బ ఎక్కడ మొదలైందో స్పష్టంగా తెలుస్తుంది. ఆరోసారి అడిగేసరికి ఆంటీ గల్లాపెట్టె మీద చెయ్యేసి, "ఏం బాబూ, ఎన్నిసార్లు చెప్పించుకుంటావు? నువ్వు చెప్పు, వింటాను" అన్నారు. గొంతు మీద వేలు పెట్టుకుని పదిసార్లు ప్రయత్నించాను. తొమ్మిది బరువులు, ఒక పిల్లాడు.