ఆర్‌టీఓఎస్ అని తొందరపడి చెప్పకండి: ఫర్మ్‌వేర్ డిజైన్ రౌండ్ అనుభవం

ఫలితాలు నిన్న సాయంత్రం వచ్చాయి. ఫర్మ్‌వేర్ ఇంజినీరు పోస్టుకు సెలెక్ట్ అయ్యాను. శ్రీకాకుళంలో ఇంట్లోనే కూర్చుని చదివినవాణ్ణి. అమీర్‌పేట వెళ్లకుండా ఉద్యోగం ఎలా వస్తుందని అడిగిన బంధువులకు జవాబు దొరికింది కాబట్టి ఈ ఒక్క రోజు కాస్త గొప్పలు పోతాను, సర్దుకోండి. రాత పరీక్ష సంగతి మీకు తెలిసిందే, పాయింటర్లు, బిట్ ఆపరేషన్లు, ఐ2సీ. నేను రాసేది డిజైన్ రౌండ్ గురించి.

ప్రశ్న ఇది. రొయ్యల చెరువులో ఏరేటర్ మోటారుకు కంట్రోలర్ కావాలి. మోటారు కరెంటును ప్రతి 10 మిల్లీసెకన్లకు చూడాలి, హద్దు దాటితే 50 మిల్లీసెకన్లలో రిలే ఆపాలి. డీఎస్18బీ20 సెన్సర్‌తో నీటి ఉష్ణోగ్రత చదివి 16x2 ఎల్‌సీడీ మీద చూపాలి. తేడా వస్తే జీఎస్ఎం మోడెమ్ ద్వారా రైతుకు ఎస్ఎంఎస్ వెళ్లాలి. పనులన్నీ వరసగా ఒకే చక్రంలో తిరిగే సూపర్ లూపా, పనుల్ని ముక్కలు చేసి వంతులు వేసే కోఆపరేటివ్ షెడ్యూలరా, ముఖ్యమైన పని కోసం మిగతావాటిని మధ్యలో ఆపగల ఆర్‌టీఓఎస్సా?

నాలుగు పనులు కనబడగానే ఆర్‌టీఓఎస్ అనాలనిపిస్తుంది. పనులెన్ని అన్నది ముఖ్యం కాదు. కరెంటు చెక్ ఎక్కువలో ఎక్కువ ఎంత ఆలస్యం కావచ్చు అన్నదే లెక్క.

మామూలు సూపర్ లూప్‌లో ఆ ఆలస్యం మిగతా పనులన్నీ కలిపినంత. డీఎస్18బీ20కి 12 బిట్ కన్వర్షన్ 750 మిల్లీసెకన్ల దాకా పడుతుంది. అక్కడ డిలే పెట్టి కూర్చుంటే 50 మిల్లీసెకన్ల మాట ఎప్పుడో పోయింది. మోడెమ్ జవాబు కోసం ఆగితే సెకన్లే పోతాయి.

కోఆపరేటివ్‌లో ఆ 750ని ముక్కలు చేస్తాం. కన్వర్షన్ మొదలుపెట్టి వెంటనే బయటికి వచ్చేస్తాం, గడువు అయ్యాక వెళ్లి చదువుతాం. ఒక్కో ముక్క కాగానే ముందు కరెంటు చెక్ వంతు చూస్తాం.

```c
if ((uint32_t)(now - last) >= 10) {
    last += 10;
    check_current();
}
```

ఇక్కడ `last = now` అని రాస్తే ప్రతిసారీ అయిన ఆలస్యం తర్వాతి గడువులోకి పాకుతుంది. ప్యానెల్‌లో ఒక సార్ సరిగ్గా ఇదే అడిగారు.

ఇప్పుడు అన్నిటికన్నా పొడుగు ముక్క ఏది? నేను ఎల్‌సీడీ అనుకుంటూ ఉండేవాణ్ణి. ఇంట్లో బోర్డు మీద ప్రతి ఫంక్షన్ మొదట్లో ఒక పిన్‌ను హై చేసి, చివర 'లో'కి దించి లాజిక్ ఎనలైజర్‌తో చూశాను. ఎల్‌సీడీకి అక్షరానికి సుమారు 40 మైక్రోసెకన్లే, 32 అక్షరాలకు మిల్లీసెకను పైచిలుకు. సెన్సర్ నుంచి తొమ్మిది బైట్లు చదవడానికి మాత్రం, వన్ వైర్ రీసెట్‌తో కలిపి, దాదాపు 7 మిల్లీసెకన్లు! నోట్సులు మాత్రమే బట్టీ పట్టేవాళ్లకు ఈ సంగతి ఎప్పటికీ తెలియదు. కోపం తెచ్చుకోకండి, బోర్డు కొనండి.

కాబట్టి రెండు చెక్‌ల మధ్య దూరం మహా అయితే 17 మిల్లీసెకన్లు. గడువు 50, కోఆపరేటివ్ చాలు. ఒక్క జాగ్రత్త ఉంది. మోడెమ్ 9600 బాడ్‌లో ఉంటే మిల్లీసెకనుకో అక్షరం వస్తుంది. సెన్సర్ చదివే ఆ 7 మిల్లీసెకన్లలో అక్షరాలు పోకుండా ఇంటరప్ట్‌లో అందుకుని రింగ్ బఫర్‌లో వేయాలి. వన్ వైర్ టైమింగ్ చెడకూడదని బైటంతా ఇంటరప్ట్‌లు ఆపేయకండి, ఒక్కో బిట్ వరకే ఆపండి.

అప్పుడు వాళ్లు మెలిక పెట్టారు. ఎస్‌డీ కార్డులో లాగ్ కూడా రాయాలంటే? కార్డు ఒక్కోసారి 250 మిల్లీసెకన్ల దాకా బిజీగా ఉండిపోవచ్చు, ఆ ఆగడం లైబ్రరీ ఫంక్షన్ లోపల జరుగుతుంది. వేరేవాళ్ల కోడ్‌ను మనం ముక్కలు చేయలేం. ఆర్‌టీఓఎస్‌కు నిజమైన అవసరం ఇలాంటి చోటే వస్తుంది. కార్డు టాస్క్‌కు తక్కువ ప్రయారిటీ, కరెంటు టాస్క్‌కు ఎక్కువ ఇస్తే, కార్డు మధ్యలో ఉన్నా కరెంటు చెక్ దూరిపోతుంది. కానీ ప్రతి టాస్క్‌కు సొంత స్టాక్ కావాలి. ఏటీమెగా328పీకి ఉన్న ర్యామ్ 2 కేబీ, అందులో కార్డు సెక్టార్ బఫర్‌కే 512 బైట్లు పోతాయి. ఇరుకు. 20 కేబీ ర్యామ్ ఉన్న ఎస్టీఎం32ఎఫ్103సీ8 అయితే హాయి.

నేను ఇంకో దారి చెప్పాను. చిప్ లోపలి ఏడీసీతో కరెంటు చదివి, పోల్చి, రిలే ఆపడం టైమర్ ఇంటరప్ట్‌లో పెట్టేస్తే కోఆపరేటివ్‌తోనే పని జరిగిపోతుంది. "ఏడీసీ బయట ఉండి, కార్డుతో ఒకే ఎస్పీఐ బస్సు మీద ఉంటే?" అన్నారు. అప్పుడు రెండు దారులూ మూసుకుంటాయన్నాను. కార్డు రాత మధ్యలో ఇంటరప్ట్ ఆ బస్సును ముట్టుకోకూడదు. ఆర్‌టీఓఎస్ పెట్టినా, రాత అంతసేపూ బస్సు మ్యూటెక్స్ కార్డు టాస్క్ దగ్గరే ఉంటే పై ప్రయారిటీ టాస్క్ ఎదురుచూడాల్సిందే. ప్రయారిటీ ఇన్‌హెరిటెన్స్ మధ్య ప్రయారిటీ టాస్క్‌లు అడ్డురాకుండా చూస్తుంది తప్ప కార్డును తొందరపెట్టదు. ఏడీసీకి వేరే బస్సు ఇమ్మని హార్డ్‌వేర్ వాళ్లను అడుగుతానన్నాను.

ఆ తర్వాత హెచ్ఆర్ రౌండ్‌లో జీతం, ఊరు మారతావా అన్న మాటలే. డిజైన్ రౌండ్‌లో కాగితం ఇవ్వరు, లెక్కలన్నీ వైట్‌బోర్డు మీదే వేయాలి.