0.992 ఎక్కడి నుంచి వచ్చింది?

రాత్రి తొమ్మిదింటికి మా చెల్లెలి కూతురు వాట్సాప్‌లో ఒక ఫొటో పంపింది. పదో తరగతి లెక్క. పేజీ వంకరగా ఉంది, సగం మీద వేలి నీడ. జూమ్ చేసి చదివాను: ముగ్గురు విద్యార్థుల్లో ఏ ఇద్దరి పుట్టినరోజూ ఒకటి కాకపోవడానికి సంభావ్యత 0.992 అయితే, ఒకటి కావడానికి ఎంత?

పూరక ఘటన కదా, 1 లోంచి తీసేస్తే 0.008. ఒక్క లైనులో రాసి పంపేశాను.

"అది నాకూ వచ్చింది మామయ్యా, అసలు 0.992 ఎలా వచ్చింది?"

ముగ్గురిలో జతలు మూడు, ఒక్కో జతకు ఒకే రోజు పడే అవకాశం 1/365. కాబట్టి 3/365, అంటే 0.0082. సరిపోయిందని చెప్పాను. అది ఊరుకోలేదు. "మా సెక్షన్‌లో 30 మందిమి. మరి మాకు?" 30 మందిలో జతలు 435. 435/365 అంటే 1.19! సంభావ్యత ఒకటి దాటిందంటే పద్ధతే తప్పు. ముగ్గురిదీ ఒకే రోజయితే, నా లెక్కలో ఆ సందర్భం మూడు జతల్లోనూ మూడుసార్లు పడుతుంది. ముగ్గురే ఉన్నప్పుడు ఆ తేడా బయటపడలేదు, అంతే.

కనీసం ఇద్దరి పుట్టినరోజు ఒకటి కావడం అంటే ఒక జత కలవచ్చు, రెండు జతలు కలవచ్చు, ముగ్గురు ఒకే రోజు పుట్టి ఉండొచ్చు. ఇవన్నీ విడివిడిగా లెక్కపెట్టడం నా వల్ల కాదు. ఎవరిదీ కలవకపోవడం మాత్రం ఒక్కటే దారి. వీడియో కాల్ చేసి, గోడ క్యాలెండర్ చూపించి చెప్పాను. మొదటి అమ్మాయి ఏ రోజు పుట్టినా ఫర్వాలేదు. రెండో అమ్మాయికి ఆ గడి వదిలేస్తే 364 గడులు, మూడో అమ్మాయికి 363.

```
(364/365) × (363/365) = 0.9918
```

అదే పుస్తకంలోని 0.992. ఇది చూశాక మేనకోడలి కంటే నాకే ఎక్కువ సంతోషం.

30 మందికి ఇలాంటి భిన్నాలు 29, చివరిది 336/365. 365 నుంచి 1 దాకా అన్నీ గుణించే ఫ్యాక్టోరియల్‌తో తొందరగా తేల్చేద్దామని ఫోన్ క్యాలిక్యులేటర్‌లో 365! కొడితే ఎర్రర్ వచ్చింది. ఇక ఒక్కో భిన్నం మేనకోడలు చదువుతుంటే నేను గుణించాను. మధ్యలో ఒకటి ఎగరగొట్టి మళ్లీ మొదలుపెట్టాం. చివరికి 0.2937 తేలింది. 1 లోంచి తీసేస్తే 0.7063, అంటే సుమారు 71 శాతం.

"అంతా? నా పుట్టినరోజు ఎవరితోనూ కలవదే!" అంది. అది వేరే ప్రశ్న. నీ ఒక్క తేదీతో మిగతా 29 మందిలో ఎవరిదైనా కలవాలంటే 1 - (364/365)^29, ఎనిమిది శాతం కూడా లేదు.

ఫిబ్రవరి 29ని వదిలేశామని, అన్ని రోజులూ సమానమనీ, ఒకరి తేదీకి మరొకరి తేదీతో సంబంధం లేదనీ అనుకున్నామని చెబుతుంటే మధ్యలో ఆపింది.

"మామయ్యా, మా సెక్షన్‌లో కవలలు ఉన్నారు."


71 శాతం కొట్టేసి సంభావ్యత 1 అని రాశాను.