జవాబు ఏ భాషలో, అనువాదం ఎటువైపు

అనువాదం కోరుతూ నిన్న నాకొక సందేశం వచ్చింది. అక్షరాలు ఇంగ్లీషువి, నామవాచకాలన్నీ ఇంగ్లీషు మాటలే. అయినా "బర్త్ సర్టిఫికెట్, లెటర్ ట్రాన్స్‌లేట్ చేసి పంపగలరా అండీ, వీసాకి కావాలి" అన్న వాక్యాన్ని నడిపే క్రియలూ విభక్తులూ తెలుగువి కనుక, తెలుగులోనే జవాబిచ్చి, ఇంగ్లీషు సౌకర్యమైతే అలాగే రాస్తానని చేర్చాను. లిపిని చూసి భాషను తేల్చుకోవడం నాకు నచ్చదు.

అనువాదం ఎటువైపన్నది మాత్రం సందేశాన్ని బట్టి తేలేది కాదు. జతచేసిన జనన ధ్రువపత్రంలో అచ్చు శీర్షికలు రెండు భాషల్లోనూ, చేతిరాత తెలుగులోనూ ఉన్నాయి. లేఖ పూర్తిగా ఇంగ్లీషులో ఉంది. అందుకే "ఏ భాషలోకి?" అని కాక, "ఏ కాగితాన్ని ఎవరు చదువుతారండీ?" అని అడిగాను. ధ్రువపత్రం వీసా అధికారులకని, లేఖ మాత్రం దానిపై సంతకం చేయవలసిన వాళ్ళమ్మగారు చదువుకోవడానికని చెప్పారు. అంటే ఒకటి ఇంగ్లీషులోకి, మరొకటి తెలుగులోకి. వీసా అన్న మాటను నమ్ముకుని మొదలుపెట్టి ఉంటే, ఆవిడ చదవవలసిన లేఖ ఇంగ్లీషులోనే మిగిలిపోయేది. ఆ తరువాత అడగవలసింది పాస్‌పోర్టులో ఇంటిపేరు స్పెల్లింగే; ధ్రువపత్రంలోని పేరును పలికినట్టుగా ఇంగ్లీషులో రాస్తే అది పాస్‌పోర్టుతో సరిపోలకపోవచ్చు.